యాంటీబయాటిక్ డ్రై సిరప్ కలపడం: గీత దాకా నీళ్లు, 7 రోజుల లెక్క

పిల్లలకు రాసే యాంటీబయాటిక్ సిరప్‌లలో చాలా వాటిని పొడిగానే అమ్ముతారు. సీసా అడుగున కొద్దిగా పొడి ఉంటుంది, పైనంతా ఖాళీ. ఆ మందు నీళ్లు తగిలిన క్షణం నుంచి నెమ్మదిగా విరగడం మొదలుపెడుతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మితే షాపులో నెలల తరబడి నిలవదు, అందుకే ఆఖరి పని మీ చేతికి వదిలేశారు. అంటే రెండు విషయాలు మీ చేతిలోనే ఉన్నాయి. ఒక్కో చెమ్చాలో ఎంత మందు ఉండాలో మీరు పోసే నీళ్లు నిర్ణయిస్తాయి. ఆ మందు ఎన్నాళ్లు పనిచేస్తుందన్న గడియారం మీరు కలిపిన గంట నుంచి నడుస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆసిడ్ కలిసిన 30 ఎంఎల్ డ్రై సిరప్‌ని తీసుకుందాం. ఈ రకం మందుల్లో నీటికీ వేడికీ త్వరగా దెబ్బతినేది ఇదే కాబట్టి, దీన్ని సరిగ్గా కలిపి దాచడం వస్తే మిగతావి సులువు.

కలపక ముందు చూసుకోవలసినవి

మూత తీయకముందే సీసాను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ వంచండి. పొడి సన్నని ఇసుకలా జారాలి. రాయిలా గట్టిపడి ఒకే ముద్దగా కదిలినా, లేత రంగు పోయి పసుపు, గోధుమ రంగుకు తిరిగినా లోపలికి తేమ వెళ్లిందని అర్థం. అలాంటి సీసా కలపవద్దు, షాపులో మార్చుకోండి. సీలు ముందే ఊడి ఉన్నా అంతే. సీసా అడుగున కాస్త అతుక్కున్న పొడి నాలుగు సార్లు అరచేతిలో తడితే విడిపోతుంది, దానికి భయపడనక్కర్లేదు.

తర్వాత లేబుల్ చదవండి. ముఖ్యంగా మూడు విషయాలు వెతకాలి. ఎంత నీరు పోయాలి లేదా ఏ గీత దాకా పోయాలి, కలిపాక ఎక్కడ పెట్టాలి, కలిపాక ఎన్ని రోజులు వాడాలి. డబ్బా మీద పెద్దగా అచ్చువేసిన గడువు తేదీ పొడికి మాత్రమే వర్తిస్తుంది. ఆ తేదీకి ఇంకా ఏడాది ఉన్నా సరే, నీళ్లు కలిపాక దానితో పని లేదు.

5 ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాములు అన్నది కూడా చీటీతో సరిపోల్చుకోండి. ఒకే మందు ఒకే పేరుతో రెండు మూడు బలాల్లో వస్తుంది. డాక్టర్ ఒక బలాన్ని మనసులో పెట్టుకుని 3 ఎంఎల్ అని రాస్తే, షాపులో దానికి రెట్టింపు బలమున్న సీసా ఇస్తే, బిడ్డకు రెట్టింపు మందు వెళుతుంది. కలపడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ తప్పు సరికాదు.

నీళ్లు ఎలాంటివి

డబ్బాలో నీళ్ల ఆంపుల్, అంటే సీలు వేసిన చిన్న నీళ్ల సీసా, ఉంటే అదే వాడండి, అది శుద్ధి చేసిన నీరు. ఆంపుల్ లేకపోతే తాగే నీటిని బాగా మరగనిచ్చి, మూతపెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. గిన్నె పట్టుకుంటే చేతికి వేడి అసలు తెలియకూడదు. గోరువెచ్చటి నీళ్లలో పొడి త్వరగా కరుగుతుందని కొందరు ఆ తొందరలో పోసేస్తారు, కానీ మందు విరగడాన్ని వేడి ఇంకా వేగం చేస్తుంది. పాలు, పళ్లరసం, గ్లూకోజ్ నీళ్లు సీసాలో పోయకూడదు. అవి సీసాలో పాడవుతాయి, మందునూ పాడుచేస్తాయి.

నీళ్లు పోయడం, ఊపడం

ముందుగా సీసాను తలకిందులు చేసి, అడుగు భాగాన్ని అరచేత్తో తట్టి పొడి అంతా వదులు చేయండి. ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ, చిక్కు వచ్చేదీ ఇక్కడే. అడుగున గట్టిగా కూర్చున్న పొడి మీద ఒక్కసారిగా నీళ్లు పడితే పై పొర తడిసి జిగురులా మూసుకుంటుంది, లోపలి పొడి పొడిగానే ఉండిపోతుంది. పైకి చూస్తే అంతా కలిసినట్టే ఉంటుంది. నాలుగో రోజున అడుగున తెల్లటి గడ్డ కనిపిస్తే అప్పటిదాకా బిడ్డకు పలచటి మందు వెళ్లిందన్నమాట.

లేబుల్ మీద ఇన్ని ఎంఎల్ నీళ్లు అని రాసి ఉంటే ఆ నీటిని ఓరల్ సిరంజితో కొలిచి పెట్టుకోండి. అందులో మూడింట రెండు వంతులు ముందు పోసి, మూత బిగించి గట్టిగా ఊపండి. పొడి అంతా తడిశాక మిగతా వంతు పోసి మళ్లీ ఊపండి. లేబుల్ మీద గీత గానీ బాణం గుర్తు గానీ ఉంటే, మొదట ఆ గీతకు కొంచెం కిందికి వచ్చేలా పోసి ఊపండి. ఆంపుల్ ఇచ్చిన సీసాకు దాన్ని మొత్తం పోయమని రాసి ఉంటుందో, గీత వరకే పోయమని ఉంటుందో చూసి అలాగే చేయండి. మొదట సగానికి పైగా పోసి ఊపి, తర్వాత మిగిలింది పోయడం మాత్రం అన్నింటికీ ఒకటే.

ఊపడమంటే పక్కకు మెల్లగా కదపడం కాదు. సీసాను నిలువుగా, తలకిందులుగా మారుస్తూ, అడుగున కొట్టుకునేలా ఊపాలి. తర్వాత సీసాను వంచి అడుగు వైపు నుంచి వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చ గానీ, మూలలో గడ్డ గానీ కనిపిస్తే ఇంకా ఊపాలి. చెమ్చా కాడ, పుల్ల లోపల పెట్టి గెలకవద్దు, వాటితో క్రిములు కూడా లోపలికి వెళ్తాయి.

ఇప్పుడు సీసాను చదునైన చోట పెట్టి 5 నిమిషాలు వదిలేయండి. ఊపినప్పుడు బోలెడు నురగ వస్తుంది, నురగతో కలిపి చూస్తే మట్టం గీత మీదికి వచ్చినట్టు కనిపిస్తుంది. అది అణగాక అసలు మట్టం గీత కింద ఉంటుంది. పొడి రేణువుల మధ్య ఉన్న గాలి బయటికి పోవడం కూడా దీనికి కారణం. గీత దాకా పోయమన్న సీసా అయితే, కళ్లను గీత ఎత్తుకు తెచ్చి చూస్తూ, గీత తాకే దాకా చుక్క చుక్కగా నీళ్లు పోయండి. మళ్లీ ఊపండి. ఈ రెండోసారి పోయడం మరిచిపోతే మందు చిక్కగా ఉండిపోతుంది.

ఆఖరున, మరిచిపోక ముందే, లేబుల్ మీద పెన్నుతో కలిపిన తేదీ, సమయం రాయండి. దాని పక్కనే పారేయవలసిన తేదీ కూడా రాయండి. 5వ తేదీ రాత్రి 8 గంటలకు కలిపితే, 7 రోజుల మందును 12వ తేదీ రాత్రి 8 దాకా వాడవచ్చు.

30 ఎంఎల్ సీసా అంటే 30 ఎంఎల్ నీళ్లు కాదు

ఎక్కువ మంది పడే గోతి ఇదే. సీసా మీది 30 ఎంఎల్ అనేది కలిపాక వచ్చే మందు మొత్తం. పొడి కూడా కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పోయాల్సిన నీరు సాధారణంగా అంతకంటే తక్కువే. ఒక రకం అమాక్సిసిలిన్ క్లావులానిక్ ఆసిడ్ సీసాలో 100 ఎంఎల్ మందు తయారు కావడానికి 90 ఎంఎల్ నీళ్లే పోయాలి. కంపెనీని బట్టి, బలాన్ని బట్టి ఈ తేడా మారుతుంది, అందుకే ఒక సీసా లెక్కను ఇంకో సీసాకు వాడకూడదు.

సీసా మెడ దాకా ఖాళీ కనిపిస్తోంది కదా అని నింపేయడం ఇంకా పెద్ద తప్పు. ఆ పైన ఉన్న ఖాళీ ఊపడానికి వదిలింది. నింపితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

మన ఉదాహరణ సీసాలో కలిపాక 5 ఎంఎల్‌కు అమాక్సిసిలిన్ 200 మిల్లీగ్రాములు, క్లావులానిక్ ఆసిడ్ 28.5 మిల్లీగ్రాములు ఉండాలి. లేబుల్ మీద 228.5 అని కనిపించేది ఈ రెండూ కలిపిన అంకె. మొత్తం 30 ఎంఎల్‌లో అమాక్సిసిలిన్ 1200 మిల్లీగ్రాములు. అంటే ఒక్కో ఎంఎల్‌లో 40. బిడ్డకు పూటకు 3 ఎంఎల్ రాశారనుకోండి, పూటకు 120 మిల్లీగ్రాములు అందాలి. మోతాదు ఎప్పుడూ బిడ్డ బరువును, జబ్బును చూసి డాక్టర్ రాసేది. ఈ అంకెలు లెక్క కోసమే.

మెడ దాకా పోయడం వల్ల మందు 40 ఎంఎల్ అయిందనుకుందాం. పొడి అంతే ఉంది, నీరు పెరిగింది. ఒక్కో ఎంఎల్‌లో 30 మిల్లీగ్రాములే మిగిలాయి, అదే 3 ఎంఎల్‌లో 90 మాత్రమే వెళ్తాయి. అంటే ప్రతి పూటా నాలుగో వంతు మందు తగ్గింది. జ్వరం దిగకపోతే మందు పనిచేయలేదని అనుకుంటాం, మందు మార్చమని అడుగుతాం. అసలు తప్పు నీళ్లలో ఉందని ఎవరికీ తట్టదు.

అటువైపు, నురగ చూసి గీత దాటిందని ఆపేసి, నిజంగా 24 ఎంఎల్ మాత్రమే అయిందనుకుందాం. ఇప్పుడు ఒక్కో ఎంఎల్‌లో 50, అదే 3 ఎంఎల్‌లో 150 మిల్లీగ్రాములు. నాలుగో వంతు ఎక్కువ. క్లావులానిక్ ఆసిడ్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఈ మందుతో వచ్చే విరేచనాలకు అదే ప్రధాన కారణం. పైగా సీసా అనుకున్న రోజు కంటే ముందే అయిపోతుంది.

తప్పు జరిగిందని తెలిస్తే ఏం చేయాలి? నీళ్లు తక్కువ పడ్డాయి, ఇంకా ఒక్క మోతాదూ తీయలేదు అంటే గీత దాకా పోసి ఊపితే సరిపోతుంది. ఒకటి రెండు మోతాదులు తీశాక అయితే గీతను నమ్ముకుని నీళ్లు పోయకూడదు, ఎందుకంటే లోపలి మందు తగ్గిపోయింది, గీత ఇప్పుడు అబద్ధం చెబుతుంది. నీళ్లు ఎక్కువైతే వెనక్కి తీయడం కుదరదు. పైన తేరిన నీరు వంపేస్తే ఆ నీటిలో కరిగిన మందూ పోతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ కొత్త సీసా కలపడమే దారి.

రోజూ కావలసినంత పొడి తీసి విడిగా కలుపుకుందామన్న ఆలోచన కూడా పొరపాటే. పొడిలో మందుతో పాటు రుచి, చిక్కదనం ఇచ్చే పదార్థాలు ఉంటాయి, చెమ్చా కొలతతో ఒక భాగంలో ఎంత మందు వచ్చిందో ఎవరికీ తెలియదు. సీసా అంతా ఒకేసారి కలపాలి.

ఫ్రిజ్‌లో పెట్టడం

అమాక్సిసిలిన్ క్లావులానిక్ ఆసిడ్ కలిపిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. దీనికి కారణం ప్రధానంగా క్లావులానిక్ ఆసిడ్. అది స్వయంగా పెద్ద యాంటీబయాటిక్ కాదు. కొన్ని బ్యాక్టీరియాలు అమాక్సిసిలిన్‌ని ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి, ఆ ఎంజైమును అడ్డుకోవడం దీని పని. నీటిలో ఇది అమాక్సిసిలిన్ కంటే చాలా త్వరగా విరిగిపోతుంది, వేడిగా ఉంటే ఇంకా త్వరగా. అది పోయిందంటే సీసాలో అమాక్సిసిలిన్ మిగిలి ఉన్నా, ఆ బ్యాక్టీరియా ముందు అది నిలవలేదు. రుచీ వాసనా మారవు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. రంగు మాత్రం ఒక్కోసారి చెబుతుంది. కలిపిన రోజున పాలవన్నెలో ఉన్నది ముదురు పసుపు, గోధుమ రంగుకు వస్తే పారేయాలి. అయితే రంగు మారలేదు కాబట్టి మందు బాగుందని మాత్రం అనుకోవద్దు.

ఫ్రిజ్‌లో మధ్య అరలో, గోడకు తగలకుండా నిలువుగా పెట్టండి. తలుపు అర అనువుగా కనిపిస్తుంది గానీ తీసిన ప్రతిసారీ వేడి గాలి తగిలేది దానికే. ఫ్రీజర్‌లో అసలు పెట్టకూడదు, ఐస్ గోడకు ఆనించకూడదు. గడ్డకట్టి కరిగితే మందు రేణువులు ముద్దలవుతాయి, ఆ తర్వాత ఎంత ఊపినా సమంగా కలవవు. గడ్డకట్టిన సీసాను పారేయడమే.

మోతాదు ఇవ్వడానికి పది నిమిషాలు బయటికి తీసినందుకు ఏమీ కాదు. వేడి గదిలో రాత్రంతా బయట ఉండిపోతే అది వేరు, అప్పుడు ఫార్మసిస్టును అడగండి, అనుమానం ఉంటే కొత్తది తీసుకోండి. ప్రయాణంలో అయితే ఐస్ ప్యాక్ ఉన్న చిన్న కూలర్ డబ్బాలో పెట్టండి, సీసాకూ ఐస్‌కూ మధ్య బట్ట చుట్టండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నీటిలో కరిగించి ఇచ్చే బిళ్లలు ఉన్నాయి, ప్రతి పూటా ఒకటి అప్పటికప్పుడు కలిపి ఇచ్చుకోవచ్చు.

ప్రతి యాంటీబయాటిక్‌నూ ఫ్రిజ్‌లో పెట్టేయకండి. కలిపిన క్లారిత్రోమైసిన్ సిరప్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లబడితే చిక్కబడిపోయి ఊపినా కదలదు. దాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి. అజిత్రోమైసిన్‌కు సాధారణంగా ఫ్రిజ్ అవసరం లేదు. సెఫిక్సిమ్ రెండు చోట్లా ఉండగలదు. లేబుల్ మాటే ఆఖరి మాట.

ఎన్ని రోజులు: సీసాలో మందు ఉంది, రోజులు అయిపోయాయి

అమాక్సిసిలిన్ క్లావులానిక్ ఆసిడ్‌కు చాలా లేబుళ్లు 7 రోజులు అంటాయి, కొన్ని 10 అంటాయి. ఒట్టి అమాక్సిసిలిన్ కంపెనీని బట్టి 7 లేదా 14 రోజులు, సెఫిక్సిమ్ 14 దాకా, అజిత్రోమైసిన్ 5 నుంచి 10 రోజులు. ఈ అంకెలు ఫ్రిజ్, గది అన్న షరతుతో కలిపి చెప్పినవి. ఫ్రిజ్‌లో 7 రోజులని రాస్తే, బయట పెట్టినప్పుడు ఆ 7 రోజులు వర్తించవు.

కోర్సు పొడవునూ ఈ రోజులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పూటకు 3 ఎంఎల్, రోజుకు రెండుసార్లు, 7 రోజులు అనుకోండి. మొత్తం 42 ఎంఎల్. ఒక 30 ఎంఎల్ సీసా 5 రోజులకు వస్తుంది, మిగతా 2 రోజులకు రెండోది కావాలి. రెండు సీసాలూ మొదటి రోజే కొన్నా, రెండోదాన్ని పొడిగానే ఉంచండి, మొదటిది అయిపోయిన రోజున కలపండి. రెండూ ఒకేసారి కలిపితే రెండోది వాడకముందే దాని గడియారం నడిచిపోతుంది.

ఇప్పుడు చిన్న బిడ్డ. పూటకు 1.5 ఎంఎల్, రోజుకు రెండుసార్లు, 10 రోజులు. మొత్తం సరిగ్గా 30 ఎంఎల్. ఒక సీసా చాలునని ఎవరైనా అంటారు. కానీ లేబుల్ మీద 7 రోజులే అని ఉంటే, 7 రోజుల్లో వాడింది 21 ఎంఎల్, సీసాలో ఇంకా 9 మిగిలాయి. ఆ 9 ఎంఎల్ పారేయాలి, చివరి 3 రోజులకు కొత్త సీసా కలపాలి. మంచి మందును పారబోస్తున్నట్టు చెయ్యి ఆడదు, నిజమే. కానీ ఆ 3 రోజులు బలం తగ్గిన మందు పోస్తే, సగం చచ్చిన బ్యాక్టీరియా తేరుకునే అవకాశం ఇచ్చినట్టే. చీటీ రాసేటప్పుడే ఈ లెక్క అడిగితే రెండో సీసా ముందే చేతిలో ఉంటుంది.

ప్రతి పూటా చేయవలసింది

ఇది సిరప్ అని పిలుస్తున్నా నిజానికి సస్పెన్షన్. మందు రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయి, వదిలేస్తే అడుగుకు చేరతాయి. ఊపకుండా పోస్తే మొదటి రోజుల్లో పైనున్న పలచటి భాగం, చివరి రోజుల్లో అడుగున పేరుకున్న చిక్కటి భాగం వెళ్తుంది. ప్రతి మోతాదుకు ముందు అడుగున పేరుకున్నది కనిపించకుండా పోయేదాకా ఊపండి, కాస్త నురగ తగ్గగానే తీయండి. మరీ ఆలస్యం చేస్తే మళ్లీ దిగిపోతుంది. సిరంజిలో పెద్ద బుడగ ఉంటే వెనక్కి నెట్టి మళ్లీ లాగండి, బుడగ ఉన్నంత మేర మందు తక్కువ.

వంటింటి చెమ్చాతో కొలవవద్దు, ఒక్కో చెమ్చా ఒక్కోలా పడుతుంది. సిరంజి గానీ సీసాతో వచ్చిన కొలత మూత గానీ వాడండి. వాడాక కడిగి పూర్తిగా ఆరనిచ్చి ఉంచండి, బిడ్డ నోటికి తగిలిన సిరంజిని కడగకుండా సీసాలో పెట్టకూడదు. మందును పాలసీసాలో కలిపేస్తే, బిడ్డ సగం పాలు వదిలేసినప్పుడు సగం మందూ వదిలేసినట్టే.

కోర్సు అయ్యాక మిగిలినది తర్వాతి జ్వరానికని ఫ్రిజ్‌లో దాచవద్దు. షాపు వెనక్కి తీసుకుంటే అక్కడ ఇచ్చేయండి. లేదంటే మట్టి గానీ వాడేసిన టీ పిప్పి గానీ కలిపి, సంచిలో మూట కట్టి చెత్తలో వేయండి. సింకులో పోయవద్దు. లేబుల్‌తో ఖాళీ సీసాను మాత్రం కోర్సు పూర్తయ్యే దాకా ఉంచండి. నయం కాక మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, ఏ బలం మందు, ఏ రోజు కలిపారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దాని మీదే ఉంటుంది.